చీటీలో డోసు తేలనప్పుడు: ఫార్మసిస్టు డాక్టరుకు చేసే ఫోను

మందుల చీటీలో డోసు స్పష్టంగా లేకపోయినా, రాసిన మందు రోగి ఇప్పటికే వాడుతున్న మందుతో పడదన్న అనుమానం వచ్చినా ఫార్మసిస్టు ఆ చీటీ రాసిన డాక్టరునే అడగాలి. ఊహించి ఇస్తే రోగి ప్రాణంతో పందెం కాసినట్టే. అర్థం కాలేదని చీటీ తిప్పి పంపితే, ఆ రోగి పక్క షాపుకు వెళ్లి ఎవరో ఒకరు ఊహించి ఇచ్చింది తెచ్చుకుంటాడు. డాక్టరుకు చేసే ఫోను మామూలుగా రెండు మూడు నిమిషాలకు మించదు. ఓపీలో ఇరవై మంది ఎదురుచూస్తుండగా ఎత్తే డాక్టరు అంతకన్నా ఎక్కువ సమయం ఇవ్వలేరు. ఎవరు మాట్లాడుతున్నారు, ఏ రోగి గురించి, సందేహం ఏమిటి, దానివల్ల ఏం జరగవచ్చు, ఇప్పుడేం చేద్దాం అన్నవన్నీ ఆ కాస్తలోనే తేలాలి. తడుముకుంటూ మొదలుపెట్టిన ఫోను సాధారణంగా "రాసిందే ఇవ్వండి" అన్న మాటతో ముగిసిపోతుంది. మాటలను ముందే ఒక వరసలో పెట్టుకోవడం అందుకే.

ఈ ఫోను చేయడం ఫార్మసిస్టు తీసుకునే చొరవ మాత్రమే కాదు, వృత్తి నియమం కూడా. ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2015లో తెచ్చిన ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనల ప్రకారం, డాక్టరు సమ్మతి లేకుండా చీటీలో మందును కలపడానికి గానీ, తీసేయడానికి గానీ, మార్చడానికి గానీ ఫార్మసిస్టుకు అధికారం లేదు. ఏదైనా వదిలేసినట్టో, డోసు మించినట్టో, మందులు పొసగవనో స్పష్టంగా కనిపిస్తే చీటీని సవరణ కోసం రాసినవారి దగ్గరికే పంపాలి. ఆ పని డాక్టరు పరువుకు భంగం కలిగించేలా ఉండకూడదు, రోగికి డాక్టరు మీద నమ్మకం సడలేలా కౌంటరు దగ్గర వ్యాఖ్యానాలు చేయకూడదు. మాటల వరస ఎలా ఉండాలో ఈ షరతులే చాలావరకు నిర్ణయిస్తాయి. 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లో 65వ నిబంధన చీటీలో ఏముండాలో చెబుతుంది: డాక్టరు సంతకం, తేదీ, రోగి పేరు, చిరునామా, ఇవ్వాల్సిన మొత్తం పరిమాణం, వేసుకోవాల్సిన డోసు. అంటే డోసు తేలని చీటీ చట్టం దృష్టిలో కూడా అసంపూర్ణమే.

చేతిరాత గొడవ తెలుగువారికి కొత్తది కాదు. తెలంగాణకు చెందిన ఫార్మసిస్టు చిలుకూరి పరమాత్మ చదవలేని చీటీల మీద 2014లో హైదరాబాదు హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. 2016లో మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, డాక్టర్లు మందులను జెనరిక్ పేర్లతో, చదవగలిగేలా, వీలైతే పెద్ద అక్షరాలతో రాయాలని నిబంధన సవరించింది. ఆ తర్వాత కార్పొరేట్ ఆసుపత్రుల్లో ముద్రించిన చీటీలు బాగా పెరిగాయి. అక్షరం తేటపడింది గానీ అనుమానం పూర్తిగా పోలేదు. కంప్యూటరులో జాబితా నుంచి ఒక వరస పైదో కిందదో ఎంచుకుంటే తప్పుడు డోసు కూడా అచ్చులో అందంగానే కనిపిస్తుంది. వారానికోసారి వేసుకోవాల్సిన మాత్రకు కూడా 1-0-0 అనే రోజువారీ గుర్తు పడిపోవచ్చు. చేతిరాతను చూసి అనుమానించే కన్ను అచ్చును చూస్తే సడలిపోతుంది కాబట్టి ఇది ఇంకా ప్రమాదం.

హైదరాబాదులోని పుప్పాలగూడ లాంటి చోట ఈ సమస్యకు మరో కోణం ఉంది. నానక్‌రామ్‌గూడ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు ఇక్కడి అపార్టుమెంట్లలో ఉంటారు. వాళ్ల తల్లిదండ్రులు ఖమ్మం నుంచో, గుంటూరు నుంచో, ఇంకా దూరం నుంచో వచ్చి నెలల తరబడి ఉండిపోతారు. వాళ్ల దీర్ఘకాలిక జబ్బులకు మందులు రాసిన డాక్టరు సొంత ఊళ్లో ఉంటాడు. ఇక్కడ జ్వరమో, మూత్రంలో మంటో వస్తే చూసే డాక్టరు సందు చివరి క్లినిక్‌లో ఉంటాడు. ఈ ఇద్దరికీ ఒకరి చీటీ ఒకరికి తెలియదు. రెండు చీటీలూ ఒకేచోట పక్కపక్కన కనిపించేది మెడికల్ షాపు కౌంటరు మీదే. మందుల మధ్య పొసగని సంగతి పట్టుకునే అవకాశం చాలాసార్లు ఫార్మసిస్టుకే ముందు దక్కడానికి కారణం ఇది. ఆర్డరు ఫోనులో వచ్చి, మందులు డెలివరీ కుర్రాడి చేతికి వెళ్లిపోతే మాత్రం ఆ అవకాశం కూడా జారిపోతుంది.

ఏ సందేహానికి ఫోను చేయాలి

ప్రతి సందేహానికీ ఫోను చేసే ఫార్మసిస్టు మాటను కొన్నాళ్లకు ఏ డాక్టరూ పట్టించుకోడు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు, మందుల యాప్‌లు చూపించే హెచ్చరికల్లో చాలావాటికి డాక్టరు అవసరమే లేదు. థైరాయిడ్ మాత్ర, కాల్షియం మాత్ర ఒకే చీటీలో ఉంటే రెండింటి మధ్య నాలుగు గంటలు ఎడం పెట్టమని రోగికి చెబితే సరిపోతుంది. డాక్టరు నిర్ణయం మారాల్సిన అవసరం ఉన్నప్పుడే ఫోను. మందు మార్చాలా, డోసు తగ్గించాలా, కొన్నాళ్లు ఆపాలా, రక్తపరీక్ష చేయించాలా అన్న ప్రశ్నల్లో ఒకటైనా ఉంటే అది ఫోను చేయాల్సిన సందేహం.

రక్తాన్ని పలచబరిచే ఎసినోకౌమరాల్ వాడుతున్నవారికి మెట్రోనిడజోల్ గానీ ఫ్లూకోనజోల్ గానీ రాస్తే ఫోను తప్పదు. అవి ఎసినోకౌమరాల్ విచ్ఛిన్నాన్ని అడ్డుకుంటాయి, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. గుండెనొప్పికి నైట్రేటు మాత్రలు వాడే మనిషి సిల్డెనఫిల్ చీటీ తెస్తే అది ఇవ్వకుండానే ఫోను చేయాలి, ఎందుకంటే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. కొలెస్ట్రాలుకు సింవాస్టాటిన్ వాడేవారికి క్లారిత్రోమైసిన్ రాయడమూ ఇదే కోవలోకి వస్తుంది. ఇలాంటి జంటలు మామూలు షాపుకు తరచు వచ్చేవి పదీ పదిహేనుకు మించవు. వాటిని గుర్తుపెట్టుకున్న ఫార్మసిస్టు సాఫ్ట్‌వేరు హెచ్చరికల మధ్య దారి తప్పడు.

డోసు సందేహాల్లో కూడా తేడా ఉంది. పారాసెటమాల్ 500నా 650నా అన్నది తేలకపోతే అడగడం మంచిదే గానీ, ఆ రెంటి మధ్య ముప్పు చిన్నది. ఇన్సులిన్ యూనిట్లు, పసిపిల్లల సిరప్‌లు, డిగాక్సిన్, థైరాక్సిన్ మైక్రోగ్రాములు, మిథోట్రెక్సేట్ విషయాల్లో ఒక సున్నా, ఒక చుక్క, ఒక మాట చాలు మనిషిని ఆసుపత్రి పాలు చేయడానికి. యూనిట్లకు గుర్తుగా రాసే యూ అక్షరం సున్నాలా కనిపించి 4 యూనిట్లు 40 అయిన సంఘటనలు ప్రపంచమంతటా నమోదయ్యాయి. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో తెచ్చిన వాడకూడని పొట్టి గుర్తుల జాబితాలో ఆ అక్షరం ఉండటానికి కారణం ఇదే. పూర్ణాంకం తర్వాత చుక్క పెట్టి సున్నా రాయకూడదన్న నియమం కూడా ఆ జాబితాలోదే.

ఒక కేసు: రెండు చీటీలు, ఇద్దరు డాక్టర్లు

మాటల వరస ఎలా నడుస్తుందో చూడటానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకోవచ్చు. ఖమ్మం నుంచి పుప్పాలగూడలో కొడుకు ఇంటికి వచ్చిన 62 ఏళ్ల ఆవిడ. కీళ్లవాతానికి మూడేళ్లుగా మందులు వాడుతోంది. బుధవారం సాయంత్రం కొడుకుతో కలిసి షాపుకు వచ్చి రెండు చీటీలు ఇచ్చింది. మొదటిది ఆ రోజే దగ్గరి క్లినిక్‌లో రాసింది: మూత్రంలో మంటకు కోట్రైమాక్సజోల్ డబుల్ స్ట్రెంత్, పూటకొకటి చొప్పున రోజుకు రెండు, ఐదు రోజులు. రెండోది ఖమ్మం రుమటాలజిస్టుది: మిథోట్రెక్సేట్ 7.5 మిల్లీగ్రాములు 1-0-0, దాని కింద చదవడానికి రాని ఒక గిలుకు, పక్కన ఒక నెల అని. ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములకూ అలాంటి గిలుకే.

ఇక్కడ రెండు సమస్యలూ ఉన్నాయి. కీళ్లవాతానికి మిథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకుంటారు. మామూలుగా 7.5తో మొదలై అవసరాన్ని బట్టి 25 మిల్లీగ్రాముల దాకా పెంచుతారు, అదీ వారం మొత్తానికి. అదే మాత్ర రోజూ వేసుకుంటే కొద్దిరోజుల్లోనే ఎముక మూలుగలో రక్తకణాల తయారీ దెబ్బతింటుంది. నోట్లో పుండ్లు, జ్వరం, గొంతునొప్పి, ఒంటి మీద కమిలిన మచ్చలు మొదటి సూచనలు. మరణాలూ జరిగాయి. 1-0-0 అన్న గుర్తుకు కింద ఉన్న గిలుకు 'ఆదివారం' అయితే చీటీ సరైనదే, 'రోజూ' అయితే ప్రాణాంతకం.

రెండో సమస్య కొత్త యాంటీబయాటిక్. మిథోట్రెక్సేట్ శరీరంలో ఫోలేట్ వినియోగాన్ని అడ్డుకుంటుంది. కోట్రైమాక్సజోల్‌లోని ట్రైమెథోప్రిమ్ కూడా అదే దారిలో, అదే ఎంజైము మీద పనిచేస్తుంది. దానికి తోడు ఈ యాంటీబయాటిక్ మూత్రపిండాల నుంచి మిథోట్రెక్సేట్ బయటికి పోవడాన్ని తగ్గిస్తుంది. వారానికి 7.5 లాంటి చిన్న డోసు వాడేవారిలో కూడా ఈ రెండూ కలిసి రక్తకణాలన్నీ పడిపోయిన సందర్భాలు వైద్య సాహిత్యంలో చాలా ఉన్నాయి. వయసు పైబడినవారిలో, మూత్రపిండాల పని తగ్గినవారిలో ముప్పు ఎక్కువ.

ఫోను ఎత్తేముందు ఫార్మసిస్టు రోగినే నాలుగు మాటలు అడగాలి. "అమ్మా, ఈ కీళ్ల మాత్ర ఎలా వేసుకుంటున్నారు?" అని తెరిచి అడగాలి. "వారానికొకటేనా?" అని అడిగితే చాలామంది తల ఊపేస్తారు. ఆవిడ "ప్రతి ఆదివారం పొద్దున ఒకటి, తర్వాతి రోజు పసుపు మాత్ర" అన్నదనుకుంటే సగం ఊరట. చివరిసారి ఎప్పుడు వేసుకున్నారు, నోట్లో పుండ్లు గానీ జ్వరం గానీ ఉన్నాయా, మందులు ఏవైనా పడవా, ఈ మధ్య రక్తపరీక్ష చేయించారా అన్నవి మిగతా ప్రశ్నలు. కొడుకు ఫోనులో రెండు వారాల కిందటి రిపోర్టు ఉంది, అందులో క్రియాటినిన్ 1.3. ఈ వయసు స్త్రీకి దాన్ని బట్టి ఇ-జీఎఫ్ఆర్ సుమారు 46 వస్తుంది, అంటే మూత్రపిండాల పని ఒక మోస్తరుగా తగ్గింది. జ్వరం లేదు, నడుంనొప్పి లేదు. ఈ సమాచారం చేతిలో లేకుండా ఫోను చేస్తే డాక్టరు మొదటి ప్రశ్నకే ఫార్మసిస్టు నీళ్లు నమలాల్సి వస్తుంది.

ఆవిడ గనక "రోజూ పొద్దున ఒకటి" అని ఉంటే దారి వేరు. అప్పుడు సందేహ నివృత్తి కోసం ఎదురుచూడకూడదు. ఆ మాత్ర వెంటనే ఆపించి, అదే సాయంత్రం ఆసుపత్రిలో రక్తకణాల పరీక్ష చేయించుకోమని పంపాలి, ఇద్దరు డాక్టర్లకూ ఆ సంగతే చెప్పాలి. ఫోలినిక్ యాసిడ్ అనే విరుగుడు ఉంది, అది ఎంత తొందరగా అందితే అంత మేలు.

మొదటి ఫోను: క్లినిక్‌కు

ముందు ఎవరికి చేయాలన్నది కూడా ఆలోచించాల్సిన విషయమే. ఈ పూట మొదలుకాబోయేది యాంటీబయాటిక్, అది రాసినది దగ్గరి డాక్టరు. కాబట్టి మొదటి ఫోను ఆయనకు. నంబరు చీటీ మీద ముద్రించి ఉన్నదే అయి ఉండాలి. రోగి తరఫువాళ్లు తమ ఫోనులో కలిపి ఇస్తే అవతల ఉన్నది ఎవరో రూఢి కాదు. షాపులో జనం ఉంటే స్పీకరు పెట్టకుండా, వెనకగదిలోకి వెళ్లి మాట్లాడాలి.

చీటీ మీది నంబరు చాలాసార్లు అపాయింట్‌మెంట్ డెస్కుది. ఫోను ఎత్తిన అమ్మాయితో ఇలా మొదలుపెట్టాలి:

"నమస్తే అమ్మా, పుప్పాలగూడ మెడికల్ షాపు నుంచి ఫార్మసిస్టుని మాట్లాడుతున్నాను. డాక్టరు గారు ఈ సాయంత్రం రాసిన చీటీలో ఒక మందు, పేషెంటు వాడుతున్న మందుతో పడదేమోనన్న సందేహం ఉంది. పేషెంటు ఇక్కడే ఉన్నారు, మందు ఇంకా ఇవ్వలేదు. డాక్టరు గారితో రెండు నిమిషాలు మాట్లాడాలి."

మందు ఇవ్వకుండా ఆపామన్న మాట లైను కలపడానికి బాగా పనిచేస్తుంది. "ఏంటో చెప్పండి, నేనడిగి చెబుతాను" అని అవతలివాళ్లు అంటే మర్యాదగానే వద్దనాలి. డోసు గానీ మందు పేరు గానీ మూడో మనిషి నోటి మీదుగా వస్తే అదో కొత్త తప్పుకు దారి. "డోసు విషయం కాబట్టి నేరుగా డాక్టరు గారితోనే మాట్లాడాలమ్మా. ఓపీలో ఉంటే మధ్యలో ఒక్క నిమిషం ఇవ్వమనండి, నేను లైనులో ఉంటాను" అంటే చాలు.

డాక్టరు లైనులోకి వచ్చాక మొదటి రెండు వాక్యాల్లోనే విషయం పడాలి:

"నమస్తే డాక్టరు గారూ. పుప్పాలగూడ నుంచి ఫార్మసిస్టుని. ఇందాక మీరు చూసిన 62 ఏళ్ల పేషెంటు గురించి, మూత్రంలో మంటకు కోట్రైమాక్సజోల్ డీఎస్ రాశారు. ఆవిడ కీళ్లవాతానికి వారానికి 7.5 మిల్లీగ్రాముల మిథోట్రెక్సేట్ వాడుతున్నారు, ఖమ్మంలో రాసింది, చివరి డోసు మొన్న ఆదివారం. ఈ సంగతి మీకు చెప్పి ఉండకపోవచ్చు."

ఆఖరి వాక్యం మర్యాద కోసం మాత్రమే పెట్టింది కాదు. చాలాసార్లు నిజంగానే రోగి చెప్పి ఉండదు, ఆ మాట అనడంతో డాక్టరు తనను సమర్థించుకోవాల్సిన అవసరం పోతుంది. పేరు కూడా చెప్పి చీటీ తేదీతో సరిచూసుకున్నాక ముప్పు, దాని వెంటనే సూచన:

"రెండూ కలిస్తే రక్తకణాలు పడిపోయే ముప్పు ఉంది కదా డాక్టరు గారూ. పైగా రెండు వారాల కిందట క్రియాటినిన్ 1.3 ఉంది, ఇ-జీఎఫ్ఆర్ 46 దాకా వస్తోంది. జ్వరం, నడుంనొప్పి లేవంటున్నారు. ఫోస్ఫోమైసిన్ 3 గ్రాముల సాషే ఒక్క డోసు మా దగ్గర ఉంది. అది ఇవ్వమంటారా, వేరేది ఏదైనా రాస్తారా?"

సూచన లేకుండా సమస్యను మాత్రమే చెబితే బరువంతా డాక్టరు మీద పడుతుంది, ఆ తొందరలో వచ్చే జవాబు మంచిది కాకపోవచ్చు. చేతిలో ఒక ప్రత్యామ్నాయం, అది ఎందుకు తగినదో చెప్పే కారణం ఉంటే నిర్ణయం తేలికవుతుంది. ఇక్కడ నైట్రోఫ్యురాంటాయిన్ కూడా గుర్తొస్తుంది గానీ, ఇ-జీఎఫ్ఆర్ 45 దిగువన దాన్ని సాధారణంగా మానుకోమంటారు, ఈవిడ సరిగ్గా ఆ గట్టు మీదే ఉంది. సిప్రోఫ్లాక్సాసిన్, పెన్సిలిన్ జాతి మందులు కూడా మిథోట్రెక్సేట్ బయటికి పోవడాన్ని తగ్గించగలవు. ఏ యాంటీబయాటిక్ మార్చినా ఫరవాలేదన్న భావన తప్పు.

డాక్టరు "అయితే ఈ ఆదివారం కీళ్ల మాత్ర మానేయమనండి, ఇదే ఇవ్వండి" అనవచ్చు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ మిథోట్రెక్సేట్ కణాల లోపల రూపం మార్చుకుని వారాలపాటు నిలిచి ఉంటుంది, ఒక డోసు మానినంత మాత్రాన ముప్పు తప్పదు. ఈ సంగతి వాదనలా కాకుండా సమాచారంలా చెప్పాలి: "డాక్టరు గారూ, అది కణాల్లో చాలా రోజులు ఉండిపోతుంది కాబట్టి ఒక వారం ఆపినా సరిపోదేమోనని నా భయం." ఆ తర్వాత ఆగాలి. అక్కడ మౌనంగా ఉండటం కూడా పనిలో భాగమే.

డాక్టరు ఫోస్ఫోమైసిన్‌కు సరేనంటే, విన్నదాన్ని తిరిగి చదివి వినిపించాలి: "కోట్రైమాక్సజోల్ రద్దు. ఫోస్ఫోమైసిన్ మూడు గ్రాములు, ఒక్క సాషే, ఒక్కసారే, రాత్రి పడుకోబోయే ముందు మూత్రానికి వెళ్లొచ్చాక నీళ్లలో కలిపి తాగాలి. సరేనా డాక్టరు గారూ?" స్పష్టంగా "సరే" వినపడాలి. "ఆ... ఆ..." అన్నది ఒప్పుకోలు కాదు, అవతల వేరే పేషెంటుతో మాట్లాడుతూ అన్నదై ఉండవచ్చు.

రెండో ఫోను: ఖమ్మానికి

ఇక్కడ సందేహం డోసు మీద. ఈ ఫోనులో చేయకూడని పొరపాటు, జవాబును ప్రశ్నలోనే అందించడం. "వారానికోసారే కదా సార్?" అంటే తొందరలో ఉన్న మనిషి ఔననే అంటాడు. డోసు డాక్టరు నోటి నుంచే రావాలి:

"నమస్తే సార్, హైదరాబాదు పుప్పాలగూడ నుంచి ఫార్మసిస్టుని. మీ పేషెంటు ఇక్కడ కొడుకు దగ్గర ఉన్నారు, మీరు రాసిన చీటీ తెచ్చారు. మిథోట్రెక్సేట్ కింద రాసింది నాకు స్పష్టంగా కనపడటం లేదు. ఎన్ని మిల్లీగ్రాములు, ఏ రోజు, నెలకు మొత్తం ఎన్ని మాత్రలు ఇవ్వమంటారు?"

మొత్తం ఎన్ని మాత్రలన్న ప్రశ్న అదనపు కాపలా. వారానికోసారి అయితే నెలకు నాలుగో ఐదో, రోజూ అయితే ముప్పై. డోసు, రోజు, మొత్తం అనే మూడు జవాబులూ ఒకదానితో ఒకటి సరిపోతేనే జవాబు నికరం. బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2020లో ఈ మందు విషయంలో ఇచ్చిన సూచన కూడా ఇలాంటిదే: రోగి ఏ రోజు వేసుకోవాలో నిర్ణయించి, ఆ రోజు పేరును చీటీలో పూర్తిగా రాయాలి. వారానికోసారి అన్న మాట కన్నా ఆదివారం అన్న మాట పొరబడటానికి తక్కువ వీలిస్తుంది.

అంకెలు ఫోనులో వినేటప్పుడు తెలుగు ఒక మేలు చేస్తుంది. ఇంగ్లీషులో ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఒకేలా వినిపిస్తాయి. పదిహేను, యాభై అంటే ఆ గందరగోళం లేదు. డాక్టరు హిందీవారో తమిళులో అయితే అంకెలను విడదీసి, 'వన్ ఫైవ్', 'ఫైవ్ జీరో' అని పలకాలి. చుక్క ఉన్న అంకెను 'సెవెన్ పాయింట్ ఫైవ్' అని చెప్పాక 'ఏడున్నర' అని కూడా అనడం మంచిది.

ఈ ఫోనులో చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. "ఇవాళ మూత్రంలో ఇన్ఫెక్షన్‌కు ఇక్కడి డాక్టరు గారు ఫోస్ఫోమైసిన్ ఇచ్చారు. క్రియాటినిన్ 1.3 ఉంది. ఈ ఆదివారం డోసు వేసుకోమంటారా, ఆపమంటారా?" ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు, మూత్రపిండాల పని తగ్గినప్పుడు మిథోట్రెక్సేట్ కొనసాగించాలా అన్నది రుమటాలజిస్టే తేల్చాలి. ఇద్దరు డాక్టర్ల మధ్య తెగిపోయిన సమాచారం ఈ రెండు నిమిషాల్లో అతుక్కుంటుంది. ఈ రెండో ఫోను మానేసే షాపులే ఎక్కువ, అది విచారించాల్సిన సంగతి.

డాక్టరు దొరకనప్పుడు, ఒప్పుకోనప్పుడు

రాత్రి పదిన్నరకు క్లినిక్ మూసి ఉంటుంది. అప్పుడు చీటీ మొత్తాన్ని ఆపాల్సిన పనిలేదు. సందేహం లేని మందులు ఇచ్చి, సందేహమున్నదాన్ని మాత్రమే నిలిపి, ఎందుకు నిలిపామో రోగికి మామూలు మాటల్లో చెప్పాలి: "ఈ ఒక్క మందు మీ కీళ్ల మాత్రతో కలిపి ఇవ్వవచ్చో లేదో డాక్టరు గారిని అడిగి ఇస్తాను." డాక్టరు తప్పు రాశారని అనకూడదు. చీటీ పెద్ద ఆసుపత్రిదైతే డ్యూటీ డాక్టరుతో మాట్లాడవచ్చు. పొద్దుటిదాకా ఆగలేని ఇబ్బంది, అంటే చలిజ్వరం, నడుంనొప్పి, వాంతులు ఉంటే రోగిని అత్యవసర విభాగానికే పంపాలి. మిథోట్రెక్సేట్ విషయంలో ఒక రాత్రి ఆగడం వల్ల నష్టం లేదు, తప్పుగా ఇవ్వడం వల్ల ఉంది. ఇన్సులిన్ విషయంలో అలా కాదు, ఆపడం కూడా ప్రమాదమే. ఆలస్యం ఎంతవరకు తట్టుకోగలదో మందు మందుకూ వేరు.

డాక్టరు విసుక్కుని "మీరు డాక్టరా? రాసింది ఇవ్వండి" అనే సందర్భాలూ ఉంటాయి. అక్కడ గొంతు పెంచితే విషయం చేజారిపోతుంది. ముప్పును ఒకే ఒక్కసారి, మందు పేరుతో, రిపోర్టు అంకెతో మళ్లీ చెప్పి, "తెలిసే రాశారంటే, రక్తపరీక్ష ఎప్పుడు చేయించమంటారో చెప్పండి, చీటీ మీద రాసుకుంటాను" అని అడగాలి. నిజంగా ఆలోచించి రాసిన డాక్టరు దగ్గర ఈ ప్రశ్నకు జవాబు ఉంటుంది. కొన్ని జంటలను నిపుణులు తెలిసే, పరీక్షలు చేయిస్తూ వాడుతారు కూడా. జవాబు లేకుండా, ప్రాణాపాయం స్పష్టంగా ఉంటే ఫార్మసిస్టు ఆ మందు ఇవ్వకపోవడమే సరైన పని. రోగిని రుమటాలజిస్టుతో మాట్లాడాకే వాడమని పంపాలి. షాపు యజమాని బేరం పోతుందని నస పెట్టినా, డ్యూటీలో ఉన్న రిజిస్టర్డ్ ఫార్మసిస్టు పేరు మీదే ఆ మందు బయటికి వెళుతుంది. పుప్పాలగూడే కాదు, ఎక్కడైనా గోడకు సర్టిఫికెట్టు ఉండి కౌంటరులో మనిషి లేని షాపుల్లో ఈ మాటల వరస ఎంత బాగున్నా పనికిరాదు. ఆ ఫోను చేయాల్సినవాడు అక్కడ ఉండాలి.

రాసిపెట్టడం

ఫోను పెట్టేసిన వెంటనే, తర్వాతి బిల్లు ముట్టుకోకముందే రాయాలి. తేదీ, సమయం, ఎవరితో మాట్లాడారు, ఏమడిగారు, ఏం చెప్పారు, తిరిగి చదివి వినిపించామా, ఎవరు మాట్లాడారు. ఇంతే. డాక్టరు రాతను కొట్టేయడం, దాని మీద దిద్దడం చేయకూడదు. గమనిక చీటీ వెనకవైపు గానీ, షాపు పుస్తకంలో గానీ ఉండాలి. కొత్త మందు చట్టప్రకారం చీటీ మీద ఇవ్వాల్సినది కాబట్టి నోటిమాటతో ఆగకూడదు. "మార్చిన చీటీ సంతకంతో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపగలరా?" అని ఫోను చివరే అడగాలి. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు సంతకం చేసిన చీటీ ఫొటోను రోగికి మెసేజింగ్ యాప్ ద్వారా పంపడానికి వీలు కల్పించాయి. అది రోగి ఫోనుకే వచ్చేలా చూసుకుంటే కొడుకు దగ్గర కూడా ఒక ప్రతి ఉంటుంది, తర్వాత వెళ్లే డాక్టరుకూ కనపడుతుంది.

ఖమ్మం డాక్టరు "ఏడున్నర, ఆదివారం, నాలుగు మాత్రలు, ఈ వారం ఆపి రక్తపరీక్ష చేయించి ఫోను చేయమనండి" అన్నారనుకుంటే, ఫార్మసిస్టు ఆవిడకు ఆ బుధవారం మిథోట్రెక్సేట్ ఇవ్వకుండా, పరీక్ష పేరు, డాక్టరు నంబరు కాగితం మీద తెలుగులో రాసి ఇస్తాడు. ఫోస్ఫోమైసిన్ ఎలా కలుపుకోవాలో చెబుతాడు. రెండు రోజుల్లో మంట తగ్గకపోయినా, జ్వరం వచ్చినా, నోట్లో పుండ్లు పడినా క్లినిక్‌కు వెళ్లమంటాడు. శుక్రవారం కొడుకు నంబరుకు ఫోను చేసి పరీక్ష అయిందా అని అడుగుతాడు. పరీక్ష ఫలితం చూసి ఖమ్మం డాక్టరు మళ్లీ మొదలుపెట్టమన్నాకే ఆ నాలుగు మాత్రలు, ఆదివారం అని పెద్ద అక్షరాలతో రాసిన కవరులో, లెక్కపెట్టి ఇస్తాడు.